వేడి గొట్టాన్ని పాతిపెడితే

1969 సెప్టెంబరులో అలాస్కా దక్షిణ తీరంలోని వాల్డీజ్ రేవుకు జపాన్ నుంచి ఉక్కు గొట్టాలు రావడం మొదలైంది. ఒక్కొక్కటి 48 అంగుళాల వ్యాసం. మనిషి కాస్త వంగి లోపల నడిచి వెళ్ళగలిగేంత. ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ప్రూడో బేలో చమురు బయటపడి అప్పటికి ఏడాదిన్నరే. ఆ చమురును 1,287 కిలోమీటర్ల అవతల, మంచు గడ్డకట్టని వాల్డీజ్ రేవుకు చేర్చాలి. కంపెనీలు దారిని దాదాపు నిర్ణయించుకున్నాయి, గొట్టం కొనేశాయి. దాన్ని ఎలా వేయాలన్న విషయంలోనూ పెద్ద చర్చ లేదు. టెక్సస్‌లో వేసినట్టే కందకం తవ్వి, గొట్టం దించి, మట్టి కప్పేయడం. ఆ గొట్టాలు వాల్డీజ్‌లో ఏళ్ళ తరబడి పేర్చి ఉండిపోయాయి.

పని నిలిచిపోవడానికి చాలా కారణాలున్నాయి. కోర్టు కేసులు, ఆదివాసుల భూమి హక్కులు, పర్యావరణ చట్టాలు. వాటితో పాటు, అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసే ఆర్థర్ లాకెన్‌బ్రుక్ అనే భూభౌతిక శాస్త్రవేత్త 1970లో ప్రచురించిన ఒక చిన్న పత్రం కూడా ఉంది. అందులో ఆయన వేసుకున్న ప్రశ్న పసిపిల్లవాడు అడిగేలాంటిది. గడ్డకట్టిన నేలలో వేడి గొట్టాన్ని పాతిపెడితే ఆ నేల ఏమవుతుంది?

ప్రూడో బే చమురు భూగర్భంలోంచి వేడిగానే పైకి వస్తుంది. పంపులు దాన్ని తోస్తున్నకొద్దీ గొట్టం గోడలకు రాసుకుని ఆ వేడి మరికొంత నిలుస్తుంది. రోజుకు 20 లక్షల పీపాలు పారితే గొట్టం 80 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండవచ్చని లాకెన్‌బ్రుక్ తీసుకున్నాడు. దారిలో చాలా భాగం పెర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ళ తరబడి సున్నా డిగ్రీలకు దిగువనే ఉండిపోయే నేల. వేసవిలో పైపొర కరుగుతుంది, అడుగున ఎప్పుడూ గడ్డే. కొన్నిచోట్ల ఆ మట్టిలో సగానికి సగం మంచే ఉంటుంది. అలాంటి నేల కరిగితే మట్టిగా మిగలదు, బురదవుతుంది.

వేడిని పాతిపెట్టడమంటే ఏమిటో మనవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. రాత్రి పొయ్యిలో నిప్పు మీద నివురు కప్పి ఉంచితే తెల్లవారేదాకా ఆరదు. ఒక పక్క బూడిద గాలిని ఆపుతుంది, మరో పక్క వేడిని బయటికి పోనివ్వదు. అయితే కప్పడం వల్ల వేడి పోవడం ఆగదు, నెమ్మదిస్తుందంతే. ఎంత నెమ్మదిస్తుంది? ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పేందుకు ఇంజనీర్లు వాడే మాట షేప్ ఫ్యాక్టర్, తెలుగులో ఆకార గుణకం. మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు పరీక్ష హాలుకు తీసుకెళ్ళే డేటా బుక్కులో ఒక పట్టికగా కనిపిస్తుంది. చాలామంది దాని మీదుగా చూపుడువేలు జరిపి, సూత్రం ఎత్తి రాసి, మార్కులు తెచ్చుకుని మరిచిపోతారు. ఆ పట్టికలో ఉన్న రెండు వరసలు, పాతిన గొట్టం, పాతిన గోళం, నిజానికి ఆగి చూడదగ్గవి.

ఆ మాట పుట్టింది కొలిమి గోడల దగ్గర. 1913లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్, ఆయన సహచరులు కొలిమి గోడల్లోంచి పోయే వేడిని లెక్కగట్టబోయి ఒక చిక్కులో పడ్డారు. చదునైన గోడకైతే లెక్క సులభం. గోడ వైశాల్యాన్ని మందంతో భాగించి, పదార్థపు ఉష్ణ వాహకతతోనూ, రెండు వైపుల ఉష్ణోగ్రతల తేడాతోనూ గుణిస్తే చాలు. కానీ కొలిమికి మూలలుంటాయి, అంచులుంటాయి. అక్కడ వేడి తిన్నగా పోదు, విసనకర్రలా విచ్చుకుంటుంది. అక్కడ వైశాల్యం అంటే ఏది, మందం అంటే ఏది? వాళ్ళు ఆ రెంటినీ విడదీయడం మానేసి, కలిపి ఒకే సంఖ్యగా తీసుకున్నారు. ఆకృతికి సంబంధించిన చిక్కంతా ఆ ఒక్క సంఖ్యలో ఉంటుంది. మిగిలిన లెక్క ఇంతే:

q = k · S · (T1 − T2)

q అంటే సెకనుకు పోయే వేడి, వాట్లలో. k అంటే మట్టి ఉష్ణ వాహకత. T1 గొట్టం ఉష్ణోగ్రత, T2 నేల ఉపరితలం ఉష్ణోగ్రత. S ఆకార గుణకం, దాని కొలమానం మీటర్లు. ఒకసారి ఆకారం తెలిస్తే S తెలిసిపోతుంది. మట్టి మారినా, చమురు బదులు వేడినీళ్ళు పారినా అది మారదు.

పొడవైన గొట్టాన్ని నేలలో పాతినప్పుడు ఈ S కి కచ్చితమైన సూత్రం ఉంది. అది దొరికిన దారి అందంగా ఉంటుంది. చెరువు గట్టున నిలబడ్డ చెట్టుకు నీళ్ళలో తలకిందుల చెట్టొకటి కనిపిస్తుంది కదా. అలాగే నేల ఉపరితలాన్ని అద్దం అనుకుని, కింద z లోతున వేడి గొట్టం ఉంటే, పైన గాలిలో అంతే ఎత్తున, అంతే తేడాతో చల్లని గొట్టం ఒకటి ఉన్నట్టు ఊహించుకోవాలి. కింది గొట్టం ఎంత వేడి ఇస్తుందో పైది అంత పీల్చుకుంటుంది. సరిగ్గా నడిమధ్యన, అంటే నేల మట్టాన, రెంటి ప్రభావం సమానమై ఉష్ణోగ్రత అంతటా ఒకేలా ఉంటుంది. మనకు కావలసింది కూడా అదే. విద్యుత్ లెక్కల కోసం 19వ శతాబ్దంలో కెల్విన్ వాడిన ప్రతిబింబ పద్ధతి ఇది. దాన్నుంచి వచ్చే సూత్రం:

S = 2πL / cosh⁻¹(z/r)

L గొట్టం పొడవు, r దాని వ్యాసార్ధం, z నేల మట్టం నుంచి గొట్టం మధ్య అక్షానికి ఉన్న లోతు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కందకం తవ్వేవాళ్ళు చెప్పే లోతు గొట్టం పైభాగానికి, సూత్రంలో వేయాల్సింది నడిమికి. సన్నని గొట్టానికి తేడా లెక్కలోకి రాదు. నాలుగడుగుల గొట్టానికైతే అది రెండడుగుల తేడా. క్యాలిక్యులేటర్‌లో cosh⁻¹ మీట లేకపోతే, లోతు వ్యాసార్ధానికి మూడు రెట్లు దాటిన చోట దాని బదులు ln(2z/r) వేసుకోవచ్చు. వచ్చే తేడా నూటికి రెండుకు లోపే.

అలాస్కా గొట్టానికే వేసి చూద్దాం. 48 అంగుళాల వ్యాసమంటే వ్యాసార్ధం 0.61 మీటర్లు. పైన ఆరడుగుల మట్టి కప్పారనుకుంటే అక్షం ఎనిమిదడుగుల లోతున, అంటే 2.44 మీటర్ల దగ్గర ఉంటుంది. లోతు వ్యాసార్ధానికి సరిగ్గా నాలుగు రెట్లు. cosh⁻¹(4) విలువ 2.063. కాబట్టి మీటరు పొడవుకు S విలువ 3.05 మీటర్లు. తడిసి గడ్డకట్టిన మట్టికి ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 2 వాట్లు. గొట్టం 80 డిగ్రీలు, నేల ఉపరితలపు సాలుసరి సగటు మైనస్ 5 అనుకుంటే తేడా 85. మూడింటినీ గుణిస్తే మీటరుకు 518 వాట్లు. అరడజను పాతకాలపు బల్బుల వేడి. గొట్టం పొడవునా, మీటరు మీటరుకూ, రాత్రీ పగలూ.

దీన్ని చమురు వైపు నుంచి చూస్తే పెద్ద నష్టమేమీ కాదు. రోజుకు 20 లక్షల పీపాలంటే సెకనుకు మూడున్నర ఘనపు మీటర్లకు పైనే. ఆ ప్రవాహాన్ని ఒక్క డిగ్రీ చల్లార్చాలంటే 6.4 మెగావాట్లు లాగెయ్యాలి. కిలోమీటరుకు అర మెగావాట్ పోతే, నూరు కిలోమీటర్లు పోయినా చమురు చల్లబడేది 8 డిగ్రీలకు లోపే. చమురు కంపెనీ లెక్కల్లో ఇది కంటికి ఆనని ఖర్చు.

నేల వైపు నుంచి చూస్తే కథ వేరు. మట్టిలో ఘనపరిమాణం లెక్కన నూటికి 40 వంతులు మంచు ఉందనుకుంటే, ఒక ఘనపు మీటరు కరగడానికి దాదాపు 12 కోట్ల జౌళ్ళు కావాలి. 518 వాట్ల చొప్పున గొట్టం ఏడాదిలో మీటరుకు 1,600 కోట్ల జౌళ్ళు పోస్తుంది. ఇందులో కొంత పైకి గాలిలోకి పోతుంది, కొంత కరిగిన మట్టిని వేడెక్కించడానికి పోతుంది. అయినా గొట్టం చుట్టూ ఆరేడు మీటర్ల అడ్డుకొలతతో నేల కరిగిపోవడానికి ఏడాది రెండేళ్ళు చాలని ఈ మోటు లెక్కే చెబుతుంది. లాకెన్‌బ్రుక్ ఇంతకంటే ఎంతో జాగ్రత్తగా, కాలంతో పాటు మారే లెక్క కట్టాడు. ఆయనకు వచ్చిన జవాబు: మామూలు పెర్మాఫ్రాస్ట్ నేలల్లో కొద్ది ఏళ్ళలోనే 20 నుంచి 30 అడుగుల వ్యాసమున్న స్తంభంలాంటి ప్రాంతం గొట్టం వెంట కరిగిపోతుంది. 20 ఏళ్ళ చివర కరుగుదల ఉత్తర అలాస్కాలో 35–40 అడుగుల లోతుకు, కాస్త వెచ్చని దక్షిణపు అంచున 40–50 అడుగులకు చేరుతుంది.

ఆయన పత్రంలో ఇంజనీర్లను కదిలించింది ఆ తర్వాతి భాగం. మంచు ఎక్కువున్న ఒండ్రు కరిగి చిక్కటి ద్రవంలా మారితే, స్వల్పమైన వాలు మీద కూడా అది జావలా కిందికి పారవచ్చు. ఒకచోట మట్టి జారితే గొట్టానికి ఆసరా పోతుంది. ఇంకోచోట నేల కుంగుతుంది, పక్కనే రాతి మీద కూర్చున్న భాగం కుంగదు. ఆ రెంటి మధ్య ఉక్కు వంగాలి, లేదా చిట్లాలి.

ఇంజనీరుకు వెంటనే తట్టేది లోతు. ఇంకా లోతుగా పాతితే? z ని రెట్టింపు చేసి 4.88 మీటర్లు వేయండి. cosh⁻¹(8) విలువ 2.77. S మూడు నుంచి 2.27కి దిగుతుంది. అంటే తవ్వకం రెండింతలైతే వేడి నష్టం తగ్గేది పావు వంతే. ఇంకో రెట్టింపు చేస్తే ఇంకా తక్కువ తగ్గుతుంది. సూత్రంలో లోతు లాగరిథం చాటున దాక్కుని ఉండడమే దీనికి కారణం. ఊళ్ళో నీళ్ళ పైపు వేసినా, హైటెన్షన్ కేబుల్ వేసినా ఈ మొండితనం ఉంటుంది. లోతుతో వేడిని అదుపు చేయబోతే తవ్వకానికి పెట్టిన డబ్బు తిరిగి రాదు.

రెండో ఆలోచన ఇన్సులేషన్. ఇది పనిచేస్తుంది, అయితే ఎంత పనిచేస్తుందో చూడాలి. 5 సెంటీమీటర్ల పాలియురేథేన్ నురగను గొట్టం చుట్టూ తొడిగామనుకుందాం. దాని ఉష్ణ వాహకత 0.03, మట్టిలో అరవయ్యో వంతు కంటే తక్కువ. మీటరు పొడవుకు ఆ తొడుగు అడ్డుకునే నిరోధం 0.42, చుట్టూ ఉన్న మట్టి మొత్తం ఇచ్చే నిరోధం 0.16. ఐదు సెంటీమీటర్ల నురగ, ఎనిమిదడుగుల లోతు మట్టి కంటే రెండున్నర రెట్లు ఎక్కువ అడ్డం నిలుస్తోందన్న మాట. రెండు నిరోధాలను కూడి లెక్కిస్తే మీటరుకు నష్టం 518 నుంచి 148 వాట్లకు పడిపోతుంది.

అయినా గెలిచినట్టు కాదు. ఆ 148 వాట్లూ మట్టిలోంచే బయటికి పోవాలి గనక, నురగ బయటి అంచు ఉష్ణోగ్రత ఎంతో చూడాలి. లెక్కిస్తే 18 డిగ్రీలు. సున్నా కంటే ఎక్కువ. కాబట్టి మంచు కరుగుతూనే ఉంటుంది.

ఎంత దూరం కరుగుతుందో కూడా ఆ అద్దపు పద్ధతే చెబుతుంది. గొట్టం చుట్టూ ఒకే ఉష్ణోగ్రత ఉన్న బిందువులన్నిటినీ కలుపుతూ గీస్తే వచ్చేవి వృత్తాలు. అయితే వాటి కేంద్రాలు గొట్టం మధ్యన ఉండవు. బయటికి పోతున్నకొద్దీ ఒక్కో వృత్తం మరింత కిందికి జారి మరింత పెద్దదవుతుంది. పైకి నేల మట్టం అడ్డు గనక అవి కిందికే ఉబ్బుతాయి. సున్నా డిగ్రీల వృత్తం ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా కరుగుదల. నురగ లేని గొట్టానికి ఆ వృత్తం అడుగు 39 మీటర్ల లోతున తేలుతుంది. కరిగిన మట్టి గడ్డకట్టిన మట్టి కంటే వేడిని తక్కువ మోస్తుంది. మంచు ఉష్ణ వాహకత 2.2, నీటిది 0.6 మాత్రమే కదా. ఆ సవరణ చేసి కరిగిన మట్టికి 1.3 వేస్తే 39 కాస్తా 26కి వస్తుంది, వేడి నష్టం కూడా 350 వాట్ల దాకా దిగుతుంది. నురగ తొడిగిన గొట్టానికి, సవరణ లేకుండా, 11 మీటర్లు. ఇన్సులేషన్ కరుగుదలను మూడింట రెండు వంతులకు పైగా కోసేసింది. కానీ నేల కుంగడానికి 11 మీటర్లు చాలవా?

లాకెన్‌బ్రుక్ 20 ఏళ్ళకు చెప్పింది 35 నుంచి 50 అడుగులు, అంటే 10 నుంచి 15 మీటర్లు. ఆకార గుణకం చెబుతున్నది 26 నుంచి 39. రెండూ తప్పు కావు. ఆకార గుణకం చెప్పేది అన్నీ కుదుటపడ్డాక ఉండే స్థితి, అంటే నేలలోకి వచ్చినంత వేడి నేలలోంచి పోతూ ఎక్కడా ఏమీ మారని స్థితి. దాన్ని చేరడానికి ఎంత కాలం పడుతుందో అది చెప్పదు. మంచు కరిగే నేలలో ఆ కాలం దశాబ్దాలు, ఒక్కోసారి అంతకు మించి. గొట్టం ఆయుష్షులో అది ఎప్పటికీ రాకపోవచ్చు. ఈ సూత్రాన్ని గమ్యానికి వాడాలి, ప్రయాణానికి వాడకూడదు. గమ్యమే ప్రమాదకరమని తేలితే ప్రయాణం లెక్క అప్పుడు కట్టుకోవచ్చు.

గోళం దగ్గర ఈ కాలం సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. z లోతున r వ్యాసార్ధమున్న గోళాన్ని పాతితే:

S = 4πr / (1 − r/(2z))

రెండు మీటర్ల వ్యాసమున్న వేడినీళ్ళ ట్యాంకు, మధ్య బిందువు నాలుగు మీటర్ల లోతున ఉందనుకోండి. S విలువ 14.4 మీటర్లు. ట్యాంకు 60 డిగ్రీలు, నేల 27 డిగ్రీలు, మట్టి ఉష్ణ వాహకత 1 అయితే నష్టం 475 వాట్లు. ఇప్పుడు ట్యాంకును 20 మీటర్ల లోతుకు దించండి. S 12.9. ఎంత లోతుకు పోయినా 12.6 కంటే తగ్గదు. అంతులేని నేల మధ్యన పాతినా గోళం కొంత వేడిని శాశ్వతంగా పోగొట్టుకుంటూనే ఉంటుంది.

గొట్టానికి ఈ మాట చెల్లదు. z ని అనంతం చేస్తే S సున్నా అవుతుంది. కారణం దారి వెడల్పులో ఉంది. గోళం నుంచి బయటికి పోయే వేడికి దారి దూరపు వర్గంతో పెరుగుతుంది. మొదటి పది వ్యాసార్ధాల లోపే మొత్తం నిరోధంలో నూటికి 90 వంతులు అయిపోతుంది, ఆ తర్వాత విశాలమైన మైదానమే. గొట్టం చుట్టూ దారి దూరంతో సమానంగా మాత్రమే పెరుగుతుంది. పది రెట్ల దూరం పోతే ఎంత నిరోధమో, అక్కణ్ణుంచి ఇంకో పది రెట్లు పోతే మళ్ళీ అంతే నిరోధం. అది ఎన్నటికీ ముగియదు. కాబట్టి గొట్టం లెక్క కుదుటపడాలంటే నేల ఉపరితలం అనే ఒడ్డు ఉండి తీరాలి. గోళానికి ఒడ్డుతో పెద్దగా పని లేదు.

అయినా గోళానికి కూడా తొందరగా కుదురు రాదు. ట్యాంకును కొత్తగా నింపిన మొదటి రోజుల్లో పక్కనున్న చల్లని మట్టి వేడిని ఆబగా తాగుతుంది. మనం తీసుకున్న ట్యాంకుకు, నేల ఉపరితలం మాట పక్కన పెట్టి లెక్కిస్తే, నెల తర్వాత నష్టం సూత్రం చెప్పినదాని కంటే దాదాపు సగం ఎక్కువ. ఏడాది తర్వాత కూడా ఏడో వంతు ఎక్కువ. వారం రోజుల మీటరు రీడింగు చూసి సూత్రం తప్పన్నవాడు నిజానికి తొందరపడ్డాడు. పుస్తకం చూసి హీటరు కొన్నవాడు మొదటి నెలలో నీళ్ళు కాగక తల పట్టుకుంటాడు.

సూత్రంలోని S కచ్చితమే గానీ, పక్కనున్న k ని అంతగా నమ్మలేం. ఎండిన ఇసుక ఉష్ణ వాహకత 0.3 చుట్టుపక్కల ఉంటుంది, అదే ఇసుక నీళ్ళు నిండితే 2 దాటుతుంది. వానాకాలానికి, ఎండాకాలానికి మధ్య వేడి నష్టం రెండు మూడు రెట్లు మారవచ్చు. పైగా వేడి గొట్టం తన చుట్టూ మట్టిని తానే ఎండబెట్టుకుంటుంది. cosh⁻¹ ని నాలుగు దశాంశాల దాకా రాసి, k ని ఏదో పుస్తకంలోంచి ఎత్తుకొచ్చి వేయడం మనలో చాలామంది చేసే పనే. ఆ సమయం మట్టిని కొలవడానికి వెచ్చిస్తే మేలు. కందకంలో సూదిలాంటి పరికరాన్ని గుచ్చి, దానికి కొద్దిగా కరెంటు ఇచ్చి, ఎంత త్వరగా వేడెక్కుతుందో చూస్తే మట్టి ఉష్ణ వాహకత అక్కడికక్కడే తెలుస్తుంది.

అలాస్కాలో చివరికి జరిగింది సగం సగం. నిర్మాణం 1974లో మొదలై 1977లో ముగిసింది. కరిగినా కుంగని రాతి నేలల్లో, గులకరాళ్ళ నేలల్లో సుమారు 610 కిలోమీటర్లు మామూలుగానే పాతారు. మంచు నిండిన నేలల్లో సుమారు 675 కిలోమీటర్ల గొట్టాన్ని పైకెత్తి, ఉక్కు స్తంభాల మీద కూర్చోబెట్టి, దాదాపు నాలుగంగుళాల మందాన ఫైబర్‌గ్లాస్ చుట్టారు. ఆ స్తంభాలు 78 వేలు. స్తంభాల్లోంచి జారే కొద్దిపాటి వేడి కూడా నేలను కరిగిస్తుందన్న భయంతో వాటిలో అమ్మోనియా నింపిన గొట్టాలు పెట్టారు. చలికాలంలో అడుగున అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది, పైన చల్లగాలికి ద్రవమై కిందికి జారుతుంది, నేలలోని వేడిని ఆకాశంలోకి తోడేస్తుంది. వేసవిలో పైభాగం వెచ్చగా ఉంటుంది గనక పని దానంతటదే ఆగిపోతుంది. మోటారు లేదు, మీట లేదు. జింకలు దాటే దారి, రోడ్డు అడ్డొచ్చిన కొన్నిచోట్ల మంచు నేలలోనే పాతక తప్పలేదు. అక్కడ ప్రధాన గొట్టం పక్కన సన్నని గొట్టాల్లో చల్లార్చిన ఉప్పునీళ్ళు తిప్పుతారు.

పాతడం సురక్షితమనుకున్న చోటల్లా అంచనా నిజం కాలేదు. 1979 జూన్‌లో అటిగన్ కనుమ దగ్గర పాతిన గొట్టం కింద నేల కుంగి, ఉక్కు వంగి చిట్లి, చమురు బయటికొచ్చింది. రాతి నేల అనుకున్నచోట మంచు తగలడమంటే ఇదే. ఇప్పుడు గొట్టం లోపల చమురుతో పాటే కదిలే కొలత యంత్రాలను పంపి, ఎక్కడ ఏ మేరకు వంగిందో కనిపెడుతుంటారు. పైనుంచి కనిపించే గుర్తులూ ఉన్నాయి. పాతిన వేడి గొట్టం మీది మంచు ముందుగా కరిగి, తెల్లటి నేలలో నల్లటి చారలా ఆనవాలు పడుతుంది. చలిదేశాల్లో ఇళ్ళకు వేడినీళ్ళు పంపే గొట్టాల లీకులను విమానం నుంచి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో పట్టేది కూడా ఇలాగే.

1988లో గొట్టం నిండా పారింది, రోజుకు 20 లక్షల పీపాలు దాటి. వాల్డీజ్ చేరడానికి నాలుగున్నర రోజులు పట్టేది. తర్వాత బావులు తగ్గాయి, ప్రవాహం నాలుగో వంతుకు పడింది, ప్రయాణం రెండు వారాలు దాటింది. చిత్రమేమిటంటే k · S అలాగే ఉంది, మారింది పారే చమురు పరిమాణం. మన పాతిన, ఇన్సులేషన్ లేని గొట్టానికే లెక్క మళ్ళీ కడితే, నిండుగా పారినప్పుడు నూరు కిలోమీటర్లకు 8 డిగ్రీల లోపు చల్లబడిన చమురు, నాలుగో వంతు ప్రవాహంలో దాదాపు 27 డిగ్రీలు చల్లబడుతుంది. ఒకప్పుడు చమురు వేడికి నేల కరుగుతుందని భయపడ్డవాళ్ళు ఇప్పుడు నేల చలికి చమురు గడ్డకడుతుందని భయపడుతున్నారు. చల్లబడిన చమురులోంచి మైనం గోడలకు పేరుకుంటుంది, అందులోని కాసిని నీళ్ళు అడుగున మంచవుతాయి. అందుకని చలికాలంలో పంపింగ్ స్టేషన్లలో చమురును ఉన్నచోటే తిప్పి తిప్పి రాపిడితో వేడెక్కించి వదులుతున్నారు, మైనం గీకే యంత్రాలను దాని వెనక తోలుతున్నారు.